పదో ఇంటి శని

ఒమాన్‌లో, హమ్రియాలో ఒక టైపింగ్ ఆఫీసులో పనిచేయబట్టి నాకు పంతొమ్మిదేళ్లు. బతాకా అనే ఇక్కడి గుర్తింపు కార్డు రెన్యూవల్, వీసా కాగితాలు, అరబీలో అర్జీలు. ఎదురుగా కూర్చున్నవాళ్లు చెబుతుంటే నేను టైపు చేస్తాను. జాతకం చూడటం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఈ దేశంలో అది బోర్డు పెట్టుకుని చేసే పని కాదు, పదిమందిలో మాట్లాడే విషయమూ కాదు. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు నా నంబరు ఇస్తారు. శుక్రవారాలు రూమ్‌లో ఉన్నప్పుడు ఫోన్ మోగుతుంది.

అందరూ అడిగేది ఒకటే, ఎప్పుడు బాగుపడుతుందని. సైట్ మీద పనిచేసేవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు అందరి గొంతులోనూ ఒకటే అలసట. వినీ వినీ అది నాకూ పట్టుకుంది. ఈ మధ్య రాశిచక్రం గీసేటప్పుడు చెయ్యి దానంతట అదే కదులుతోంది గానీ మనసు అందులో ఉండటం లేదు. ఒకసారి సోహార్ స్టీలు కంపెనీలో పనిచేసే ఒకాయనతో, పాపం ఊరట పడతాడు కదా అని, "శని మారితే నీ కష్టాలన్నీ పోతాయి" అన్నాను. ఆయన ఆ మాట నమ్మి ఉద్యోగం వదిలేసి శని మారేదాకా ఊళ్లో కూర్చున్నాడు. శని మారాడు, ఆయన కష్టాలు మారలేదు. తర్వాత ఆయన నాకు ఫోన్ చేయలేదు, చేయడానికి నాకూ మొహం చెల్లలేదు. అప్పటినుంచి కొత్తవాళ్లు ఫోన్ చేస్తే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను.

ఈ చలికాలంలో ఒకరోజు పొద్దున సీబ్ నుంచి ఒక ఒమానీ మేడం, తన ఇంట్లో పనిచేసే అమ్మాయిని వెంటబెట్టుకుని, ఆమె బతాకా పని మీద మా ఆఫీసుకు వచ్చింది. అమ్మాయికి ఇరవై ఆరేళ్లుంటాయి. నల్లటి అబాయా మీద తలగుడ్డ గట్టిగా కట్టుకుంది. రెండు చేతులకూ తెల్లటి రబ్బరు గ్లౌజులున్నాయి. వేలిముద్ర తీయాలి, గ్లౌజులు తీయమన్నాను. ఒకదాని కింద ఇంకొకటి, మొత్తం రెండు జతలు వేసుకుంది. లోపల వేళ్లు నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

మేడంకి ఏదో ఫోన్ వచ్చి బయటికి వెళ్లింది. అమ్మాయి నా వైపు వంగి మెల్లగా అడిగింది.

"సామీ, మీరు తెలుగోళ్లే కదా. జాతకం జూస్తారంట గదా?"

"ఎవరు చెప్పారమ్మా?"

"ఆ పక్కింట్లో పనిజేసే అక్క జెప్పింది. సామీ, నా చేతిలో సావు ఉండాదా? ఒక్క మాట జెప్పండి."

చూడనని చెబుదామనే అనుకున్నాను. కానీ ఆ ప్రశ్న ఎప్పుడు బాగుపడుతుందన్న ప్రశ్న కాదు. పంతొమ్మిదేళ్లలో నన్ను ఎవరూ అలా అడగలేదు.

మేడం తిరిగి వచ్చేలోగా హడావిడిగా చెప్పుకొచ్చింది. ఊరు కడప దగ్గర. ఇరవయ్యో ఏట ఒమాన్ వచ్చింది. మొదటి ఇంట్లో ముసలాయన్ని చూసుకుంది, రెండేళ్లకు ఆయన పోయాడు. రెండో ఇంట్లో ఒక పెద్దావిడ దగ్గర మూడేళ్లకు పైగా ఉంది, పోయిన ఏడాది ఆవిడా పోయింది. ఇప్పుడు మూడో ఇల్లు. మేడం వాళ్ల అత్తగారు పక్షవాతంతో మంచం మీద ఉంది. ఇంట్లో అందరూ ఆవిణ్ని పెద్ద మామా అంటారు, ఇక్కడ మామా అంటే అమ్మ. ఆ రెండో చావు తర్వాత, ఫోన్‌లో వీడియోలు పెట్టే ఒక జ్యోతిష్యుడికి పుట్టిన వివరాలు పంపిందట. నీ శని నీచలో ఉన్నాడు, అదీ కర్మస్థానంలో, నీ చెయ్యి పడిన చోట చావు తప్పదు, పెద్ద హోమం చేయించాలి అన్నాడట.

"అప్పట్నించీ ఆ ముసలామెను ముట్టుకోవాలంటే భయమైతాండాది సామీ. అన్నం గూడా దూరంగా నిలబడి స్పూనుతో పెడతాండా. ఆమె నన్ను బింతీ, బింతీ అని పిలుస్తాది. బిడ్డా అని. మేడంకు ఏం జెప్పల్ల? ఈ ఇల్లు ఇడిసిపెట్టి పోదామనుకుంటాండా."

"ఫోన్ చెయ్యి తల్లీ, శుక్రవారం మాట్లాడదాం."

"ఫోన్లో చెప్తే మర్చిపోతా. భయమైనప్పుడల్లా చదువుకునేదానికి రాసి ఈండి సామీ. నేను పదో తరగతి దాకా చదివినా."

పుట్టిన తేదీ, టైము పంపమని నా నంబరు ఒక చిన్న చీటీ మీద రాసి ఇచ్చాను. రెండు రోజులకు ఆమె తల్లి దగ్గరనుంచి, గవర్నమెంటు ఆసుపత్రిలో ఇచ్చిన పుట్టుక చీటీ ఫోటో వచ్చింది. చీటీ చిరిగి ఉన్నా, టైము స్పష్టంగా కనిపించింది. సాయంత్రం నాలుగు గంటలు. అది నాకు కొంత ధైర్యం. లగ్నం రెండు గంటలకొకసారి మారిపోతుంది. టైము తెలియకుండా ఏ గ్రహం ఏ ఇంట్లో ఉందో చెప్పడం ఊహే తప్ప ఇంకేమీ కాదు. నాలుగు గంటలకు కర్కాటక లగ్నం నడుస్తోంది. అరగంట అటూ ఇటూ అయినా అది మారదు.

శుక్రవారం మధ్యాహ్నం రూమ్‌లో మిగతావాళ్లు భోంచేసి పడుకున్నారు. నా మంచం మీద అట్ట పెట్టుకుని చక్రం వేశాను. చూస్తే ఆ వీడియో జ్యోతిష్యుడు చెప్పినదాంట్లో సగం నిజం. మేషంలో శని, నీచ. మేషం ఈ లగ్నానికి పదో ఇల్లు. పైగా కర్కాటక లగ్నానికి శని ఎనిమిదో ఇంటికి అధిపతి. ఎనిమిదో ఇల్లంటే ఆయుష్షు, మృత్యువు. ఆ మాట ఆ అమ్మాయికి ఎలా చెప్పాలి?

మొదట ఒక ఉత్తరం రాశాను. నీచ భంగమైంది, రాజయోగం, ఏ భయమూ లేదు అని నాలుగు లైన్లు. చదివి చూసుకుంటే సోహార్ ఆయనకు చెప్పిన మాటలే మళ్లీ కనిపించాయి. చింపేశాను. రెండోది రాయడానికి సాయంత్రమైంది. దాని నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇదీ ఆ ఉత్తరం:

"చిరంజీవి తల్లికి ఆశీర్వదించి రాసేది.

నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ముందే రాస్తున్నాను. నీ చేతిలో చావు లేదు. ఇక మిగతాది నెమ్మదిగా చదువు. ఏదీ దాచకుండా రాస్తాను.

నీది కర్కాటక లగ్నం, సింహ రాశి, పుబ్బ నక్షత్రం. నీ జాతకంలో శని మేషంలో ఉన్నాడు. మేషం శనికి నీచ స్థానం. అక్కడ శనికి బలం తక్కువ. శని నెమ్మదిగా నడిచే గ్రహం, మేషం తొందర గల రాశి. అందువల్ల కష్టం ఎక్కువ, దానికి గుర్తింపు ఆలస్యం. పని చేసినదానికి పేరు వేరేవాళ్లకు పోతుంది. నీకిది అనుభవంలో ఉండే ఉంటుంది. ఇది నిజం, నేను కాదనను.

ఆ మేషం నీ లగ్నానికి పదో ఇల్లు. పదో ఇల్లంటే మనం చేసే పని. కర్మస్థానం అన్న మాట విని నువ్వు భయపడ్డావు. ఇక్కడ కర్మ అంటే పాపం కాదు, వృత్తి. శని నీకు ఏడో ఇంటికీ ఎనిమిదో ఇంటికీ అధిపతి. ఎనిమిదో ఇల్లు ఆయుష్షు ఇల్లు. ఎనిమిదో ఇంటివాడు పదో ఇంట్లో కూర్చుంటే, ఆ మనిషి పని చావుకు దగ్గరగా ఉంటుంది. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు, మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లకు ఇలా ఉండటం మా నాన్నగారు చూసి నాకు చెప్పారు. శని అంటేనే ముసలితనం. శని అంటేనే సేవ. నువ్వు ముసలివాళ్లను చూసుకునే పనిలోకి వచ్చావు. ముసలివాళ్లు పోతారు తల్లీ. పోయేటప్పుడు వాళ్ల పక్కన నువ్వున్నావు. పక్కన ఉండటం వేరు, కారణం కావడం వేరు. వాళ్ల ఆయుష్షు వాళ్ల జాతకంలో ఉంటుంది, నీ జాతకంలో కాదు.

ఇంకొకటి. శని నీకు అశ్వినీ నక్షత్రంలో ఉన్నాడు. అశ్వినీ దేవతలు దేవతలకు వైద్యులు. నీ చేతి గురించి ఎవరైనా చెప్పాలంటే ఈ సంగతి కూడా చెప్పాలి. నీకు చెప్పినాయన ఇది చెప్పలేదు.

నీచ భంగం గురించి కూడా రాస్తాను, ఎందుకంటే రేపు ఇంకెవరో దాన్ని పెద్దది చేసి చెబుతారు. మేషానికి అధిపతి కుజుడు. ఆయన నీ లగ్నానికి నాలుగో ఇంట్లో, కేంద్రంలో ఉండి, ఎదురుగా ఉన్న తన ఇంటిని చూస్తున్నాడు. కాబట్టి నీచ భంగం ఉంది. భంగం అంటే కష్టం మాయమవడం కాదు. కష్టపడ్డది వృథా పోకుండా ఉండటం. అదే కుజుడూ శనీ ఎదురెదురుగా చూసుకోవడం వల్ల ఇంటికీ పనికీ మధ్య లాగుడు ఉంటుంది. పనిలో ఉంటే అమ్మ మీద బెంగ, ఇంటికి పోతే పని మీద ధ్యాస. అది కొన్నాళ్లు తప్పదు.

శని మూడో చూపు నీ పన్నెండో ఇంటి మీద పడుతోంది. అది పరదేశం, నిద్ర. నీకు నిద్ర సరిగా పట్టదని అనుకుంటున్నాను. పదో చూపు ఏడో ఇంటి మీద, అంటే పెళ్లి మీద. పెళ్లి ఆలస్యమవుతుంది. కానీ మకరం శనికి సొంత ఇల్లు. తన ఇంటిని తాను చూసుకుంటున్నవాడు దాన్ని పాడు చేయడు. ఆలస్యాన్ని చెడ్డదనుకుని తొందరపడి ఎవరికీ మాట ఇవ్వకు.

ఇప్పుడు కాలం గురించి. మొదటి ఇంట్లో ముసలాయన పోయినప్పుడు నీకు చంద్ర దశలో శని అంతర్దశ నడుస్తోంది. నీకు దుఃఖం రాసి ఉన్న కాలమే అది. ఇప్పుడు శని మీనంలో ఉన్నాడు. నీ రాశికి అది ఎనిమిదోది. దీన్ని అష్టమ శని అంటారు. వచ్చి ఏడాది కావస్తోంది, ఇంకా ఏడాదిన్నర ఉంది. అలసట, భయం, ఒళ్లునొప్పులు, అనవసరంగా మాట పడటం ఉంటాయి. ఈ ఏడాదిన్నర సుఖంగా గడుస్తుందని నేను చెప్పలేను. అయితే తొమ్మిది నెలల్లో చంద్ర దశ అయిపోయి నీకు కుజ దశ మొదలవుతుంది. నీ లగ్నానికి కుజుడు చాలా మంచివాడు. ఏడేళ్లు ఆయన కాలం. పనిలో నీ మాటకు విలువ వచ్చేది అప్పుడు. గురువు తొమ్మిదో ఇంట్లో, తన సొంత ఇంట్లో ఉండి నీ లగ్నాన్ని చూస్తున్నాడు. నువ్వు పడిపోయినా లేచే మనిషివి.

ఆ పెద్ద మామా ఎంతకాలం ఉంటుందో నేను చూడలేదు, చూడను. ఆవిడ వయసుకు ఎప్పుడైనా పోవచ్చు. రేపే పోయినా, ఈ ఉత్తరంలో నేను రాసింది తప్పు కాదు. అది గుర్తుపెట్టుకో.

హోమం అక్కర్లేదు. శనికి శాంతి అంటే ముసలివాళ్లకు, నడవలేనివాళ్లకు సేవ చేయడం. నువ్వు ఆరేళ్లుగా చేస్తున్నది అదే. చేతులు శుభ్రంగా కడుక్కుని, గ్లౌజులు అవసరమైన పనికి మాత్రం వేసుకుని, అన్నం నీ చేత్తో పెట్టు. ఇల్లు వదలాలంటే వదులు, అది నీ ఇష్టం. భయపడి మాత్రం వదలకు."

కింద పేరు రాయలేదు. అది నా భయం. ఆమెకు భయపడొద్దని రాసి నేను సంతకం పెట్టలేకపోయాను.

తర్వాతి వారం బతాకా కోసం మేడం వచ్చింది. అమ్మాయి వెంట లేదు. నేను ఉత్తరాన్ని కాగితాల కవర్లో వేశాను. మేడం అక్కడే కవరు తెరిచింది. తెలుగు రాతను తిప్పి తిప్పి చూసి, ఇదేమిటని అడిగింది.

జాతకం అన్నానంటే నా ఉద్యోగానికీ ఆ అమ్మాయికీ కూడా చిక్కే. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరమని చెబుదామనుకున్నాను. ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"నేను రాసిందే మేడం. మా దేశం అమ్మాయి. తాను చూసుకున్న పెద్దవాళ్లిద్దరూ పోయారని భయపడుతోంది. మీ అత్తగారికి తనవల్ల ఏమైనా అవుతుందేమోనని గ్లౌజులు వేసుకుంటోంది. భయపడవద్దని రాశాను," అన్నాను నాకొచ్చిన అరబీలో, హిందీ కలిపి.

"మా అత్తగారి రోగం తనకు అంటుతుందని అనుకుంటోందేమో అనుకున్నాను. కోపం వచ్చింది. ఈమె బదులు పనికి ఇంకొకరిని చూస్తున్నాను," అంది మేడం. తర్వాత కాగితాన్ని ముందున్నట్టే మడిచి కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె ఆ ఉత్తరం ఇస్తుందా, చింపేస్తుందా, ఇంకెవరితోనైనా చదివిస్తుందా అని నాలుగు రోజులు ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను. అయిదో రోజు అమ్మాయి వాయిస్ మెసేజ్ పెట్టింది.

"సామీ, ఉత్తరం అందినాది. మూడుసార్లు చదివినా. నిద్ర పట్టదని ఎట్ల తెలిసినాది మీకు? మేడం ఏమీ అన్లేదు, నా గ్లౌజుల డబ్బా తీసి మందుల అల్మారాలో పెట్టేసినాది. ఈ పొద్దు ముసలామెకు ఖర్జూరాలు పాలల్లో మెత్తగా పిసికి చేత్తో పెట్టినా. భయమైనాది. అయినా పెట్టినా."

నేను జవాబుగా "మంచిది తల్లీ" అన్న రెండు మాటలే పంపాను. అంతకంటే ఏం చెప్పడానికీ ఓపిక లేకపోయింది. ఆ సంతోషంలో కూడా నాకు అలసటే ఎక్కువ తెలిసింది.

మూడు నెలలు గడిచాయి. ఎండలు మొదలయ్యాయి. ఒకరోజు ఆఫీసులో భోజనం వేళకు ఆమె ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తగానే ఏడుపు వినిపించింది. నాకు విషయం అర్థమైంది.

"పొద్దున్నే పాయ సామీ. నోట్లో నీళ్లు నేనే పోసినా. మింగలేకపాయ. నా చెయ్యి పట్టుకోనుండాది, అట్లే పాయ."

"ఇంట్లో ఎవరెవరున్నారమ్మా?"

"అందరూ ఉండారు. కొడుకులంతా వచ్చినారు." కొంచెం ఆగింది. "సామీ, నిజం జెప్పండి. నా చెయ్యేనా?"

ఉత్తరంలో అంత రాసినా మళ్లీ అదే ప్రశ్న. నాకు విసుగు రాలేదు. రాసిన మాట ఒక్కసారితో మనిషిలో ఇంకదని నాకు అప్పుడే బాగా తెలిసింది. ఇలాంటి మాట వాళ్లకు మళ్లీ మళ్లీ చెప్పేవాళ్లు కావాలి.

"కాదు తల్లీ. రేపే పోయినా నా మాట తప్పు కాదని రాశాను చూడు, ఆ చోటు తీసి చదువు."

కాగితం విప్పిన చప్పుడు వినిపించింది. ఆమె ఆ లైన్లు బయటికి, కూడబలుక్కుంటున్నట్టు చదివింది. చదివేటప్పుడు ఏడుపు ఆగింది, అయిపోయాక మళ్లీ వచ్చింది. నేను ఫోన్ పెట్టేయకుండా అలాగే ఉన్నాను. నా ముందున్న అన్నం చల్లారిపోయింది. ఎదుటి కుర్చీలో కస్టమరు వచ్చి కూర్చున్నాడు. చివరికి ఆమే, "సామీ, పని ఉండాది, పిలుస్తాండారు," అని పెట్టేసింది.

నలభై రోజులయ్యాక మేడం మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి అమ్మాయి పక్కనే ఉంది. గ్లౌజులు లేవు. రెండు నెలల లీవు కాగితాలు, ఆ తర్వాత స్పాన్సర్ మార్పు కాగితాలు కావాలన్నారు. మేడం అక్క సోహార్‌లో ఉంటుందట. వాళ్ల నాన్నగారు అక్కడే, ఆవిడ ఇంట్లోనే మంచం పట్టారు. ఈ అమ్మాయినే పంపమని అడిగారట.

"మా అత్తగారు చివరి నెలల్లో ఈమె చేత్తో తప్ప తినలేదు," అంది మేడం నాతో. "అక్కతో అదే చెప్పాను. జీతం సంగతి ఈమెతోనే మాట్లాడుకోమన్నాను."

మేడం బయటికి వెళ్లాక అడిగాను, "నీకు ఇష్టమేనా తల్లీ? ముసలాయన. మళ్లీ అదే జరగొచ్చు."

"తెలుసు సామీ. రాత్రంతా ఆలోచన జేసినా. వేరే పని దొరికితే బాగుంటాదనిపిస్తాది. పిల్లోళ్లను చూసుకునే పని అట్లా. కానీ నాకు వచ్చింది ఇదే గదా." వేలిముద్ర పెట్టి, సిరా తుడుచుకుంటూ అంది, "ఇంకా భయం ఉండాది. ముందున్నంత లేదు."

ఫారంలో వృత్తి అన్న చోట ఇదివరకు ఇంటిపని అని ఉండేది. ఏమని టైపు చేయాలని అడిగాను. ఆమె ఆలోచించి, పెద్దోళ్లను జూసుకునేది అని రాయండి అంది. అరబీలో దానికి సరిపడే మాట వెతికి టైపు చేశాను. ఫారం తీసుకుని ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ వెనకే ఒక డ్రైవరు వచ్చి, తన లైసెన్సు కాగితాలు నా ముందు పెట్టాడు.